విలూర్‌బాన్‌లో ఒక గది

జూన్ నెల దాటేసరికి మన అనకాపల్లిలో కొన్ని ఇళ్లలో ఒకటే మాట. పిల్లకి ఫ్రాన్సులో సీటొచ్చింది, ఫీజు కట్టేశాం, క్యాంపస్ ఫ్రాన్స్ వాళ్ల ఇంటర్వ్యూ అయిపోయింది, ఇక గదే దొరకాలి అని. 2024 గణతంత్ర దినోత్సవానికి అతిథిగా ఢిల్లీ వచ్చిన ఫ్రాన్సు అధ్యక్షుడు మాక్రోన్, 2030 నాటికి తమ దేశంలో 30 వేల మంది భారతీయ విద్యార్థులు ఉండాలని ప్రకటించారు. అంతమందికీ గదులెక్కడివో ఆయన చెప్పలేదు. గది వెతుక్కునే పని విద్యార్థిదే. ఆ పనిలో మొదటి మెట్టు ఒక చిన్న ఉత్తరం, ఇంటి ఓనరుకి ఫ్రెంచిలో రాసే పది పన్నెండు వాక్యాలు. ఈ రోజు ఆ ఉత్తరం గురించే మాట్లాడతాను.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక అమ్మాయిని ఊహించుకుందాం. ఇల్లు గవరపాలెంలో. బీటెక్ అయింది, వయసు 22. లియోన్ నగరంలో రెండేళ్ల మాస్టర్స్, తరగతులు ఇంగ్లీషులోనే. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచి తీసుకుంది, మార్కులు బాగా వస్తాయని. నూటికి తొంభై పైనే వచ్చాయి కానీ, ఒక్క ఉత్తరమైనా రాసి ఎరగదు. ఇలాంటి పిల్లలు మన జిల్లాలో చాలామందే ఉన్నారు. ఆమె లియోన్ పక్కనే ఉన్న విలూర్‌బాన్‌లో గది ఖాళీ ఉందన్న ప్రకటన చూసింది. లియోన్, విలూర్‌బాన్ రెండు పేర్లే గానీ, మధ్యలో వీధి తప్ప మరేమీ ఉండదు. ల దువా అనే పెద్ద క్యాంపస్ అక్కడే ఉంది.

ఉత్తరం రాయడానికి ముందు ప్రకటన చదవడం రావాలి. ప్రకటనలో ఇలా ఉంది: టీ 4 ఇల్లు, మూడో అంతస్తు, షార్పెన్ మెట్రో దగ్గర, ఇద్దరు ఇప్పటికే ఉన్నారు, 11 చదరపు మీటర్ల గది, సామాన్లతో సహా, అద్దె 450, ఖర్చులతో కలిపి 490, సెప్టెంబరు 1 నుంచి ఖాళీ.

టీ 4 అనగానే మనవాళ్లు నాలుగు బెడ్రూములు అనుకుంటారు. కాదు. ఫ్రాన్సులో ఆ అంకె హాలుతో కలిపి చెప్పేది. వంటగది, బాత్రూము లెక్కలోకి రావు. అంటే హాలు ఒకటి, పడక గదులు మూడు. ఇద్దరు ఉన్నారు, మూడో గది మన అమ్మాయికి. 11 చదరపు మీటర్లంటే సుమారు 118 చదరపు అడుగులు. మన ఇళ్లలో పదకొండు అడుగుల చతురస్రం గది ఉంటే దాదాపు అంతే. చట్టం ప్రకారం ఇలా విడిగా అద్దెకిచ్చే గది 9 చదరపు మీటర్లకు తగ్గకూడదు, ఘనపరిమాణం 20 ఘన మీటర్లకు తగ్గకూడదు. కాబట్టి ఇది సరిపోతుంది. ఏడు మీటర్లని ఎక్కడైనా రాసి ఉంటే ఆ ఓనరుతో ఉత్తరం దాకా కూడా వెళ్లనక్కర్లేదు.

తర్వాత డబ్బు. 450 అనేది ఉత్త అద్దె. ఆ పైన 40 అనేది మెట్ల దీపాలు, చెత్త, నీళ్లు వగైరాలకు. కరెంటు, ఇంటర్నెట్, అన్నిటికన్నా ముఖ్యంగా చలికాలపు వేడి ఇందులో కలిసి ఉన్నాయా లేదా అన్నది ప్రకటనలో లేదు. అనకాపల్లిలో పుట్టి పెరిగిన పిల్లకి గదిని వేడి చేసుకోవడానికి బిల్లు కట్టాలన్న ఊహే ఉండదు. మనకు ఫ్యాను బిల్లే తెలుసు. లియోన్‌లో నవంబరు నుంచి మార్చి దాకా ఆ బిల్లు చిన్నదేమీ కాదు. ముఖ్యంగా పాత ఇంట్లో కరెంటు హీటర్లయితే. అందుకే ఫ్రాన్సులో ప్రతి అద్దె ప్రకటనలోనూ ఇల్లు ఎంత శక్తిని ఖర్చు చేస్తుందో చెప్పే అక్షరం ఒకటి ఉండాలి, ఏ నుంచి జీ వరకు. ఏ అంటే మేలు, జీ అంటే అధ్వానం. 2025 జనవరి 1 నుంచి జీ గ్రేడు ఇళ్లను కొత్తగా అద్దెకివ్వడానికి వీల్లేదు. అక్షరం కనిపించకపోతే, వేడి ఖర్చు గురించి ఉత్తరంలో అడగాల్సిన మొదటి ప్రశ్న దొరికినట్టే.

ఇప్పుడు ఓనరు వైపు నుంచి చూద్దాం. ఆమెని కాస్త పెద్దావిడ అనుకోండి, ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆ ప్రకటన వేసిన కొన్ని గంటల్లో కుప్పలుగా మెసేజీలు వచ్చి పడతాయి. సగం మంది "బోంజూర్, గది ఖాళీయేనా?" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. మిగతావాటిలో ఆమె చూసుకునేవి మూడే. ఎవరు, ఎంతకాలం ఉంటారు, అద్దె ఆగిపోతే ఎవరు కడతారు.

ఈ మూడోదే ఆమెను రాత్రిళ్లు నిద్ర పోనివ్వనిది. మన ఊళ్లో అద్దె రెండు నెలలు ఆగితే ఓనరు గుమ్మం ముందు నిలబడి గొడవ పెడతాడు, మూడో నెలలో సామాను బయట పడుతుంది. ఫ్రాన్సులో అలా కుదరదు. కోర్టు కాగితం కావాలి. ఆ కాగితం చేతికొచ్చినా నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు, చలికాలంలో, ఎవర్నీ ఇంట్లోంచి పంపించకూడదు. అందుకని ఓనర్లు మొదట్లోనే గట్టిగా పట్టుబడతారు. జీతం అద్దెకు మూడింతలు ఉండాలంటారు. విద్యార్థికి జీతమెక్కడిది? అప్పుడు హామీదారు కావాలంటారు, అదీ ఫ్రాన్సులో సంపాదిస్తున్నవాడై ఉండాలంటారు. అనకాపల్లిలో నాన్నగారికి బ్యాంకులో ఎంత ఫిక్సెడ్ డిపాజిట్ ఉన్నా, పెంటకోటలో నాలుగెకరాల పొలం ఉన్నా ఆవిడకి ఉపయోగం లేదు. రేపు అద్దె ఆగితే ఆవిడ ఆ నాన్నగారి మీద దావా ఎక్కడ వేస్తుంది?

దీనికొక దారి ఉంది, దాని పేరు విజాల్. ఆక్సియోఁ లోజ్‌మాఁ అనే సంస్థ ఇచ్చే హామీ. 18 నుంచి 30 ఏళ్ల వయసు వాళ్లకి ఉచితం. విద్యార్థి అద్దె కట్టకపోతే ఓనరుకి ఆ సంస్థ కడుతుంది, తర్వాత విద్యార్థి దగ్గర వసూలు చేసుకుంటుంది. మనవాళ్లు ఎంతోమంది దీని మీదే గది సంపాదించారు. అయితే ఇందులో ఒక ముడి ఉంది, దాన్ని ముందే గమనించాలి. వీసాకు దరఖాస్తు చేసేటప్పుడు అక్కడ ఎక్కడ ఉంటారో చూపించమంటారు. విజాల్‌కు దరఖాస్తు చేయాలంటే దీర్ఘకాలపు విద్యార్థి వీసా చూపించమంటారు. పైగా విజాల్ హామీ, అద్దె ఒప్పందం మీద సంతకం కాకముందే చేతికి రావాలి. ఒకదానికి ఒకటి అడ్డం. తెలివైన పిల్లలు చేసేదేమిటంటే, వీసా కోసం మొదటి కొన్ని వారాలకు విద్యార్థుల హాస్టల్లోనో తాత్కాలిక రెసిడెన్సులోనో బుక్ చేసుకుంటారు. అసలు గది కోసం ఓనర్లతో ఉత్తరాలు నడుపుతూ ఉంటారు. వీసా రాగానే విజాల్ తీసుకుని, సంతకం అక్కడికి వెళ్లాక పెడతారు. మన అమ్మాయి ఉత్తరం కూడా ఈ పద్ధతి ప్రకారమే ఉండాలి.

సరే, ఉత్తరం. మొదలు "బోంజూర్ మదామ్", అంతే. ఓనరు మగవాడైతే "బోంజూర్ మొస్యూ". మన పిల్లలకి చిన్నప్పటినుంచి అలవాటైన "రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడమ్" ఫ్రెంచిలోకి తెస్తే చదివేవాళ్లు కంగారు పడతారు. "మీ పాదాలకు నమస్కరించి వ్రాయునది" అన్నంత వింతగా ఉంటుంది. "డియర్" అన్న మాటకు సరిసమానమైన ఫ్రెంచి మాట కూడా వద్దు, అది తెలిసినవాళ్లకి రాసేది. ఓనరు పేరు ప్రకటనలో ఉన్నా మొదటి ఉత్తరంలో పేరు పెట్టి పిలవడం మామూలు కాదు.

రెండో వాక్యంలోనే ఏ గది గురించి రాస్తున్నారో చెప్పాలి. "జ వూ జెక్రి ఓ సుజే ద లా షాంబ్ర" అని మొదలుపెట్టి, 11 చదరపు మీటర్ల గది, షార్పెన్ దగ్గర అని పూర్తి చేయాలి. ఆవిడకి రెండు మూడు ఇళ్లుండొచ్చు. గది కొలత, వీధి రాసిన మెసేజీ ప్రకటన పూర్తిగా చదివినవాళ్లదని ఆవిడకి తెలిసిపోతుంది. అందరికీ ఒకేలా పంపే మెసేజీలో ఆ వివరం ఉండదు.

తర్వాత తను ఎవరో. నేను భారతీయ విద్యార్థిని, వయసు 22, సెప్టెంబరు నుంచి లియోన్‌లో రెండేళ్ల మాస్టర్స్ మొదలవుతుంది అని. ఇక్కడ ఆడపిల్లలు ఒక్క సంగతి చూసుకోవాలి. ఎక్కడో దొరికిన నమూనా ఉత్తరాన్ని ఎక్కించుకుంటే అది సాధారణంగా మగపిల్లాడి పేరున ఉంటుంది. మగవాడు "ఎత్యూద్యాఁ", ఆడపిల్ల "ఎత్యూద్యాఁత్". పొగ తాగనన్నది మగవాడు "నోఁ ఫ్యుమర్" అంటాడు, ఆడపిల్ల "నోఁ ఫ్యుమ్యూజ్" అనాలి. ఉత్తరం మధ్యలో ఒకచోట ఆడ, ఒకచోట మగ కనిపిస్తే అది వేరే వాళ్లది చూసి రాసిందని ఇట్టే దొరికిపోతుంది. తప్పుల్ని ఫ్రెంచివాళ్లు విదేశీ పిల్లల దగ్గర క్షమిస్తారు. కానీ మోసగాళ్ల మెసేజీలు కూడా ఇలాగే ఉంటాయని వాళ్లకి తెలుసు. అదీ ఇబ్బంది.

ఎంతకాలం అన్నది తేదీలతో రాయాలి. సెప్టెంబరు 1 నుంచి, రెండేళ్లూ ఉంటాను అని. ఫ్రాన్సులో సామాన్లున్న గదికి మామూలు ఒప్పందం ఒక ఏడాది, తర్వాత దానంతట అదే కొనసాగుతుంది. విద్యార్థులకు తొమ్మిది నెలల ఒప్పందమూ ఉంది, అది మాత్రం గడువుతోనే ముగుస్తుంది. కొందరు ఓనర్లకు ఇదే ఇష్టం, వేసవిలో గదిని టూరిస్టులకు ఇచ్చుకోవచ్చు కదా. రెండేళ్ల చదువుకు వెళ్లే పిల్ల తొమ్మిది నెలల కాగితం మీద సంతకం పెడితే మే చివర్లో మళ్లీ పెట్టె సర్దుకోవాల్సి వస్తుంది. అందుకే "రెండేళ్లు" అన్న మాట మొదటి ఉత్తరంలోనే పడాలి. విద్యార్థికి దీనివల్ల నష్టం లేదు. సామాన్లున్న గది వదిలేయాలంటే ఎప్పుడైనా ఒక నెల ముందు చెబితే చాలు.

హామీ గురించి వాక్యం నిజాయితీగా ఉండాలి. నాకు విజాల్ ఉంది అని రాయకూడదు, ఇంకా లేదు కదా. వీసా ఫలానా నెలలో వస్తుంది, రాగానే విజాల్‌కు దరఖాస్తు చేస్తాను, సంతకానికి ముందే ఆ పత్రం మీ చేతిలో ఉంటుంది అని రాయాలి. విజాల్ పేరు కనిపించగానే చాలామంది ఓనర్లకి మనసు కుదుటపడుతుంది. కొందరికి ఇష్టం ఉండదు. వాళ్లు మొహమాటం లేకుండా వద్దంటారు. ఆ జవాబు త్వరగా వచ్చినా మంచిదే.

తన గురించి రెండు ముక్కలు చాలు. నెమ్మదైనదాన్ని, వంటింట్లో శుభ్రంగా ఉంటాను, పొగ తాగను. అంతకు మించి వద్దు. మన పిల్లలు ఇక్కడ ఆగరు. నాన్నగారి ఉద్యోగం, అమ్మ ఆరోగ్యం, చిన్నప్పటినుంచి ఫ్రాన్సు మీద ప్రేమ, అన్నీ రాస్తారు. ఇంటి ఇబ్బందులు రాస్తే జాలి పుట్టి గది ఇస్తారని ఆశ. ఆవిడ చదివేటప్పుడు ఆ ఇబ్బందుల్లోంచి ఆవిడకు వినిపించేది ఒకటే, అద్దె ఆగుతుందేమో అని. మతం, కులం, పెళ్లి అయిందా లేదా, ఇవేవీ రాయనక్కర్లేదు. అక్కడ చట్టం ఓనరుని వాటి ఆధారంగా కాదనకూడదని కట్టడి చేసింది. ఫోటో పంపమని ఎవరైనా అడిగితే పంపకండి. మన టులెట్ బోర్డు కింద "బ్యాచిలర్లకు ఇవ్వబడదు, శాకాహారులకు మాత్రమే" అని రాసుకునే స్వేచ్ఛ వాళ్లకి లేదు.

తర్వాత ప్రశ్నలు. ఇక్కడ "పుర్యే వూ మ దీర్" అన్న మాటతో అడగాలి, దయచేసి చెప్పగలరా అన్నట్టు. ఎదుటివాళ్లని "వూ" అనే అనాలి, మన "మీరు" ఎలాగో అలాగ. "త్యూ" అంటే "నువ్వు". అయితే ఒక్కోసారి గది గురించి ఓనరు కాకుండా అందులో ఉంటున్న ఇద్దరు పిల్లలు జవాబిస్తారు. వాళ్లు ఒకటి రెండు మెసేజీల్లోనే "త్యూ"లోకి దిగిపోతారు. అప్పుడు మనమూ అలాగే రాయాలి. అక్కడ "మీరు" అంటే దూరం పెట్టినట్టు అనుకుంటారు.

ఏం అడగాలి? ఎన్నో అడగొచ్చు. మొదటి ఉత్తరంలో మూడు మించకపోతేనే జవాబొస్తుంది. మొదటిది వేడి, కరెంటు, ఇంటర్నెట్ ఆ 40 యూరోలలో ఉన్నాయా అన్నది. రెండోది వీడియోలో గది చూపిస్తారా అన్నది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం, దాన్నే మనవాళ్లు అడగరు. ఒప్పందం ముగ్గురికీ కలిపి ఒకటేనా, గదికొకటి విడిగానా?

ఇదెందుకో చెబుతాను. ముగ్గురికీ కలిపి ఒకే ఒప్పందం అయితే అందులో మామూలుగా సంయుక్త బాధ్యత అనే షరతు రాస్తారు. మూడు గదులకు నెలకు 490 చొప్పున 1,470 యూరోలు ఓనరుకి రావాలి. ముగ్గురిలో ఒకడు జనవరిలో కట్టలేదనుకోండి. ఓనరు మిగిలిన ఇద్దరిలో ఎవర్ని పట్టుకుని అయినా అతను కట్టని 490 అడగొచ్చు. మన అమ్మాయి తన 490 ఠంచనుగా కట్టినా సరే. ఇంతటితో అయిపోదు. మార్చిలో ఆమె గది వదిలేసి వెళ్లిపోయినా, తన స్థానంలో మరొకరు ఒప్పందంలోకి రాకపోతే, నోటీసు గడువు ముగిశాక మరో ఆరు నెలల వరకు ఈ బాధ్యత ఆమెను వదలదు. గవరపాలెంలో ఇంటి ముందు పోర్షన్‌లో ఉన్నవాళ్లు అద్దె ఎగ్గొడితే వెనక పోర్షన్ వాళ్లు కట్టాలనడం లాంటిదే ఇది. గదికొక ఒప్పందం విడిగా ఉంటే ఈ బాధ లేదు, ఎవరి అద్దె వాళ్లది. దానికి తగ్గ కష్టమూ ఉంది. పక్క గది ఖాళీ అయితే కొత్తగా ఎవరొస్తారో ఓనరే నిర్ణయిస్తుంది, మనల్ని అడగదు. అయినా పరాయి దేశంలో, తెలియని ఇద్దరితో ఉండబోయే పిల్లకి విడి ఒప్పందమే నయమని నా మాట.

ఉత్తరం చివర ఫోనులో మాట్లాడ్డానికి వీలయ్యే సమయం రాయాలి, వాళ్ల గడియారం ప్రకారం. వేసవిలో మనం వాళ్లకంటే మూడున్నర గంటలు ముందు, అక్టోబరు చివర్లో వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక నాలుగున్నర. మన మధ్యాహ్నం ఒంటిగంటకు వాళ్లకి ఉదయం తొమ్మిదిన్నర. "మీకు ఉదయం తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం రెండు వరకు ఎప్పుడైనా" అని రాస్తే ఆవిడ లెక్క వేసుకోవాల్సిన పని ఉండదు. ఆఖర్న ముందస్తుగా ధన్యవాదాలు చెప్పి, "కోర్ద్యాల్‌మాఁ" అని పేరు, వాట్సాప్ నంబరు. నమూనా పుస్తకాల్లో సంతకం పైన మూడు లైన్ల పొడుగు వినయవాక్యం ఉంటుంది, అది ప్రభుత్వ కార్యాలయాలకు రాసేది. గది కోసం రాసే మెసేజీలో అక్కర్లేదు.

ఎప్పుడు పంపాలన్నది కూడా చెప్పుకోవాలి. ఆగస్టులో ఫ్రాన్సు సగం సెలవుల్లో ఉంటుంది. సముద్రం ఒడ్డున ఉన్న ఓనరమ్మ మెసేజీలకు జవాబివ్వదు. సెప్టెంబరులో లియోన్ లాంటి విద్యార్థుల ఊళ్లో గది అన్న మాటే వినిపించదు. జూన్, జూలైలే సరైన కాలం. ప్రకటన పడ్డ రోజునే, వీలైతే ఆ పూటే, ఉత్తరం వెళ్లాలి.

జవాబు వచ్చిందనుకోండి. అసలు ఓనరు జవాబు ఎలా ఉంటుందంటే, ముందు ప్రశ్నలు అడుగుతుంది. వీసా ఎప్పుడు, ఏ స్కూలు, చేరినట్టు కాగితం ఉందా అని. మీ ప్రశ్నల్లో ఒకదానికి జవాబు మరిచిపోతుంది. కొంచెం విసుగ్గానూ ఉండొచ్చు. మోసగాడి జవాబు చాలా తీయగా ఉంటుంది. ప్రశ్నలుండవు, గది మీదే అంటాడు. తను ప్రస్తుతం ఇంగ్లండులోనో స్పెయిన్‌లోనో ఉద్యోగం మీద ఉన్నాననీ, ఇల్లు చూపించడానికి ఎవరూ లేరనీ, తాళంచెవి కొరియర్లో పంపుతాననీ అంటాడు. గది అద్దె ఆ ప్రాంతంలో ఉండే అద్దెకు సగం ఉంటుంది. ముందు ఒక నెల అద్దె, అడ్వాన్సు పంపమంటాడు, అదీ మనీ ట్రాన్స్‌ఫర్ కౌంటరు ద్వారానో, రీఛార్జి కూపన్ల నంబర్ల ద్వారానో. ఇక్కడ చట్టం చాలా స్పష్టంగా ఉంది. ఒప్పందం మీద సంతకం కాకముందు గది మీకోసం ఆపి ఉంచడానికంటూ ఒక్క యూరో కూడా ఓనరు అడగకూడదు. అడిగారంటే అక్కడితో ఆపేయండి. ఆడపిల్లలకి ఇంకొక సంగతి, అద్దె లేదు, బదులుగా ఇంటి పనుల్లో సాయం చేస్తే చాలు అని కొన్ని ప్రకటనలు కనిపిస్తాయి. వాటి వెనక ఏముందో ఇక్కడ చెప్పక్కర్లేదు. వాటికి ఉత్తరం రాయకండి.

కాగితాల విషయంలోనూ హద్దు ఉంది. పాస్‌పోర్టు, కాలేజీ చేరిక పత్రం, ఆదాయానికి ఆధారం, ప్రస్తుత చిరునామా లాంటివి ఓనరు అడగొచ్చు. ఏమేం అడగొచ్చో 2015 నవంబరు 5న వచ్చిన ఉత్తర్వులో జాబితా ఉంది. బ్యాంకు ఖాతా స్టేట్‌మెంటు ఆ జాబితాలో లేదు. మన దగ్గర ఏ పనికైనా ఆరు నెలల స్టేట్‌మెంటు అడుగుతారు కాబట్టి మనవాళ్లు అడక్కుండానే జత చేసేస్తారు. చేయకండి. అడిగినవి కూడా మొదటి ఉత్తరంతో వద్దు, వీడియో మాట్లాడాక పంపితే చాలు. పంపేటప్పుడు పాస్‌పోర్టు కాపీ మీద అడ్డంగా "ఈ గది కోసం మాత్రమే" అని ఫ్రెంచిలో రాసి, తేదీ వేయండి. ఫ్రాన్సు ప్రభుత్వమే నడిపే డోసియే ఫసీల్ అనే ఉచిత సేవ ఉంది. కాగితాలు అందులో పెడితే వాటి మీద ముద్ర అదే వేసి, ఓనరుకి ఒక లింకు ఇస్తుంది.

మన అమ్మాయికి ఆ ఓనరమ్మ శనివారం ఉదయం పది గంటలకు వీడియో పెట్టుకుందామని రాసిందనుకుందాం. మనకి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. వీడియోలో గది అందంగా ఉందా అన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు కిటికీ తెరిచి బయటకు చూపించమనాలి. ఆ వీధి అదేనా, ప్రకటనలోని ఫోటో అదేనా అని తెలిసిపోతుంది. ఫోటోలు దొంగిలించినవాడు కిటికీ తెరవలేడు. తర్వాత హీటరు దగ్గరకు తీసుకెళ్లమనాలి. గోడకు గట్టిగా బిగించి ఉన్న నీళ్ల రేడియేటరు అయితే అది భవనం మొత్తానికి కలిపి వేడి చేసేది కావచ్చు, అలాగైతే దాని ఖర్చు నెలనెలా కట్టే ఖర్చుల్లోనే ఉండే అవకాశం ఎక్కువ. తీగతో ఉన్న కరెంటు హీటరైతే బిల్లు పిల్లలే పంచుకోవాలి. కిందటి జనవరి బిల్లు ఎంతొచ్చిందో ఆ ఇంట్లో ఉన్న ఇద్దర్నీ అడగడం మేలు, ఓనరమ్మకంటే వాళ్లకే బాగా గుర్తుంటుంది. వంటగదిలో పొయ్యి గ్యాసుదా కరెంటుదా, ఫ్రిజ్‌లో ఎవరి అర వాళ్లదా, వాషింగ్ మెషీన్ ఇంట్లోనే ఉందా అన్నవి కూడా ఆ ఇద్దరినే అడగాలి. రోజూ ఉదయాన్నే పోపు పెట్టుకునే అమ్మాయి అయితే చిమ్నీ సంగతి కూడా.

గదిలో చేరేటప్పుడు కట్టాల్సింది ముందే లెక్క చూసుకుని ఇంట్లో చెప్పాలి. సామాన్లున్న గదికి అడ్వాన్సు రెండు నెలల ఉత్త అద్దెకు మించకూడదు, అంటే ఇక్కడ గరిష్ఠంగా 900. మొదటి నెల 490. కలిపి 1,390 యూరోలు. యూరోకి నూరు రూపాయలే అనుకున్నా లక్షా ముప్పై తొమ్మిది వేలు, ఇప్పుడు అంతకంటే ఎక్కువే ఉంటుంది. లియోన్‌లోనూ విలూర్‌బాన్‌లోనూ 2021 నవంబరు నుంచి అద్దెకు గరిష్ఠ పరిమితి ఉంది. ప్రాంతాన్ని బట్టి, ఇల్లు కట్టిన కాలాన్ని బట్టి ఒక అద్దె నిర్ణయిస్తారు. ముగ్గురి అద్దెలూ కలిపినా ఆ ఇంటి మొత్తం పరిమితి దాటకూడదు. 450 ఎక్కువా కాదా అని ఆ లెక్క చూసే తెలుసుకోవాలి. ప్రభుత్వం ఇచ్చే ఇంటి అద్దె సాయం గురించి పాత విద్యార్థులు చెప్పే మాటల్ని నమ్ముకుని మాత్రం లెక్క వేసుకోవద్దు. వస్తే అదనం అనుకోవాలి. అడ్వాన్సు తిరిగి ఇవ్వడానికి ఓనరుకి గడువు ఉంది. గది చేరినప్పుడు ఉన్నట్టే ఉంటే ఒక నెల, ఏదైనా పాడైతే రెండు నెలలు. ఎలా ఉందో తేల్చేది చేరిన రోజు ఇద్దరూ కలిసి గదంతా తిరిగి రాసి సంతకాలు పెట్టే కాగితం. ఆ రోజు విమానం అలసటతో "బాగానే ఉంది" అని సంతకం పెట్టేయకూడదు. పరుపు మీద మరక, కిటికీ అద్దం మీద గీత, గోడ మీద పెచ్చు, అన్నీ ఆ కాగితంలో ఎక్కించాలి, ఫోటోలు తీసుకోవాలి.

ఇంకొకటి మనవాళ్లు చివరి క్షణం దాకా మరిచిపోయేది. తాళంచెవి ఇచ్చే ముందు ఓనరు ఇంటి బీమా పత్రం అడుగుతుంది. మన దగ్గర అద్దెకుండేవాడు బీమా చేయించడం ఎవరూ ఎరగరు. ఫ్రాన్సులో అద్దెకుండేవాళ్లకి అది తప్పనిసరి. నిప్పు అంటుకున్నా, నీళ్లు కారి కింది ఇంటి సీలింగు తడిసినా ఆ బీమా కడుతుంది. విద్యార్థులకు నెలకు కొద్ది యూరోలే అవుతుంది, ఫోన్లో చేయించుకుంటే పత్రం ఆ పూటే మెయిలుకి వచ్చేస్తుంది. లియోన్ రైల్వే స్టేషన్లో రెండు పెట్టెలతో దిగేటప్పటికే ఆ పత్రం ఫోన్లో ఉంటే, ఓనరమ్మ గుమ్మంలో అడిగినప్పుడు వెతుక్కోవాల్సిన పని ఉండదు.